పిన్ని కూతురి పెళ్లికి రాలేమని మెసేజ్ ఎలా పెట్టాలి?

"మా పిన్ని కూతురి పెళ్లి ఇంకా 24 రోజులుంది. మొన్న పిన్ని ఫోన్ చేసి పిలిచింది, శుభలేఖ వాట్సాప్‌లో పంపింది. మేమిద్దరం వెళ్లలేం. పిల్లల కోసం నా భార్యకు వైద్యం నడుస్తోంది, సరిగ్గా ఆ వారమే ఊరు దాటకూడదు. ఈ సంగతి మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, తెలియడం మాకు ఇష్టం లేదు. ఫోన్ చేస్తే పిన్ని ఒప్పుకోదు, అందుకే మెసేజ్ పెడదామని ఇలా రాశాను: 'హాయ్ పిన్నీ, వెరీ వెరీ సారీ. ఆఫీసులో లీవు దొరకడం లేదు, పైగా తనకి కూడా ఒంట్లో అంత బాగోలేదు, టికెట్లు కూడా దొరకట్లేదు. చూస్తాం, కుదిరితే తప్పకుండా వస్తాం. ప్లీజ్ ఏమీ అనుకోవద్దు.' ఇది పంపొచ్చా? బంధం చెడకుండా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకోకుండా ఎలా చెప్పాలి?"

పంపకండి. మెసేజ్ పెట్టాలన్న ఆలోచన సరైనదే, కానీ ఈ మెసేజ్ మాత్రం వద్దు.

నేను ఇద్దరు కూతుళ్లకీ ఒక కొడుక్కీ పెళ్లి చేశాను. రాలేమన్న మెసేజ్‌లు నేను పంపినవాటికంటే నాకొచ్చినవే చాలా ఎక్కువ. కాబట్టి అందుకునేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

మా పెద్దమ్మాయి పెళ్లికి ముందు రోజు రాత్రి మా ఆడపడుచు కొడుకు మెసేజ్ పెట్టాడు. "అత్తయ్యా, చిన్న ప్రాబ్లం వచ్చింది, రాలేకపోతున్నాం, సారీ." అంతే. ఆ రాత్రి నేనున్న హడావిడిలో చదివి ఫోన్ పక్కన పడేశాను. మర్నాడు హాల్లో అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి "వాళ్లేరీ, రాలేదేం?" అనేవాళ్లు. నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే కదా, "ఏదో ప్రాబ్లమట" అన్నాను. ఆ "ఏదో"కి సాయంత్రానికల్లా మూడు కథలు పుట్టాయి. అతని ఉద్యోగం పోయిందన్నారు. మొగుడూ పెళ్లాలకి పడటం లేదన్నారు. మూడోది నన్నే కుట్టింది, మేం సరిగ్గా పిలవలేదట. జరిగిందేమిటంటే అతను మెట్ల మీద జారి కాలు బెణికింది. పెళ్లిపూట మమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదు, పాపం.

అదే పెళ్లికి మా అక్క కూతురు కూడా రాలేదు. అది రెండు వారాల ముందే రాసింది, ఆ రెండు రోజులూ పరీక్ష పడిందని, తేదీ మారదని. దాని గురించి అడిగినవాళ్లందరికీ "దానికి పరీక్ష పడింది" అన్నాను. "అయ్యో, అలాగా" అని వాళ్లు ముందుకు కదిలారు. రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.

మీరు గమనించాల్సింది ఇదే. మీరు రాకపోతే ఆ రోజు జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు, మీ పిన్ని. చేతినిండా పనితో, చుట్టూ వియ్యాలవారు ఉండగా, "మీ అక్క కొడుకు రాలేదేం?" అన్న ప్రశ్నకి ఆవిడ నిలబడి సమాధానం చెప్పాలి. చెప్పడానికి ఒక మాట ఉంటే ఆవిడ పరువూ నిలుస్తుంది, మీ సంగతీ అక్కడితో ఆగుతుంది. ఆ మాట లేకపోతే ఆవిడ మొహం చూసి అవతలివాళ్లే ఏదో ఒకటి అల్లుకుంటారు. మీ మెసేజ్ ఆ ఒక్క మాటని ఆవిడ చేతిలో పెట్టాలి. పది సెకన్లలో పైకి చెప్పగలిగేలా ఉండాలి, ఎవరు విన్నా మళ్లీ అలాగే చెప్పేలా ఉండాలి.

ఇప్పుడు మీరు రాసినదాన్ని పిన్ని కళ్లతో చదవండి. లీవు లేదు, ఒంట్లో బాగోలేదు, టికెట్లు లేవు. కారణాలు మూడయ్యేసరికి ఒక్కటీ నిజం కాదేమో అనిపిస్తుంది. పైగా మూడింటికీ విరుగుడు ఉంది. లీవు లేదంటే "పెళ్లికి కూడా ఇవ్వరా, ఒక్కపూట వచ్చి వెళ్లిపో" అంటుంది. టికెట్లు లేవంటే మీ తమ్ముడెవరో కారులో చోటుందని ఫోన్ చేస్తాడు. అప్పుడు మీరు నాలుగో కారణం వెతుక్కోవాలి. ఇక ఒంట్లో బాగోలేదన్నది అన్నిటికంటే ప్రమాదం. మీరు దాచాలనుకుంటున్న తలుపుని మీరే కొంచెం తీసి చూపిస్తున్నారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయికో, పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లలు లేని అమ్మాయికో ఒంట్లో బాగోలేదంటే బంధువులు ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు. గంటలో మీ భార్యకి ఆరు ఫోన్లు వస్తాయి, అందులో సగం "విశేషమా?" అని.

"చూస్తాం, కుదిరితే తప్పకుండా వస్తాం" అన్నది మర్యాద అనుకుని రాశారు. పెళ్లివాళ్లకి అది పెద్ద చిక్కు. మిమ్మల్ని లెక్కలో ఉంచాలా తీసేయాలా, గది ఉంచాలా వద్దా అని ఆవిడ చివరిదాకా ఎదురుచూస్తుంది. అన్ని రోజులు ఎదురుచూసి చివరికి మీరు రాకపోతే, మొదటిరోజే రామని చెప్పినదానికంటే పదింతలు బాధపడుతుంది. "ఏమీ అనుకోవద్దు" అన్న మాట కూడా తీసేయండి. ఏదో అనుకోవలసింది ఉందని మనమే గుర్తుచేసినట్టుంటుంది.

మాటల్లో ఇంకొక చిన్న తేడా ఉంది. "రావడం లేదు" అంటే మనం తీర్మానించుకున్నట్టు వినిపిస్తుంది. "రాలేమేమో" అంటే ఇంకాస్త బతిమాలితే వస్తారని అర్థం, పిన్ని ఖచ్చితంగా బతిమాలుతుంది. "రాలేకపోతున్నాం" అన్నప్పుడు అందులో రావాలని ఉన్న సంగతీ, రాలేమన్న సంగతీ రెండూ ఉంటాయి. ఆ మాటే వాడండి, ఒక్కసారే వాడండి.

అసలు చిక్కు కారణం దగ్గరుంది. అబద్ధం చెప్పమని నేను చెప్పను. ధర్మం సంగతి పక్కన పెట్టండి, అబద్ధాన్ని నిలబెట్టడం మీవల్ల కాదు. లీవు లేదని చెప్పాక మీ ఆఫీసులోనే పనిచేసే దూరపు చుట్టం ఎక్కడో "అతనికి లీవులు బోలెడు" అంటాడు. పోనీ, నిజం చెప్పడమూ మీకు ఇష్టం లేదు. మధ్యలో ఒక దారి ఉంది. చెప్పిన ప్రతి ముక్కా నిజమే అయ్యుండాలి, కానీ అందులోంచి లోపలికి చూడటానికి కిటికీ ఉండకూడదు. మీ విషయంలో ఏది నిజం? ఆ వారం మీరిద్దరూ అక్కడే ఉండి తీరాలి. అది పిలుపు రాకముందే ఒప్పుకున్న పని. ఆ తేదీలు మార్చడం మీ చేతుల్లో లేదు. ఈ మూడు ముక్కలూ నిజమే, పిన్నికి కావాల్సినవీ ఇవే. ముందే ఒప్పుకున్నారంటే పెళ్లిని తక్కువ చేసి వేరే పని పెట్టుకోలేదని అర్థం. మార్చలేమంటే బేరం ఆగిపోతుంది. అది "వైద్యం" అన్న మాట ఆవిడకి అవసరం లేదు.

"చిన్న పని" అని మాత్రం ఎక్కడా రాయకండి. దాచడానికి అందరూ ఈ మాటే పట్టుకుంటారు. చిన్న పని కోసం నా కూతురి పెళ్లి మానేశారా అని పిన్ని అనుకుంటే తప్పు ఆవిడది కాదు. "పర్సనల్ రీజన్స్" అని కూడా వద్దు. మన బంధువుల్లో ఆ మాటకి గొడవ అనే అర్థం.

నేనైతే ఇలా రాస్తాను:

"పిన్నీ, చెల్లి శుభలేఖ చూశాం. ఇద్దరి పేర్లూ పక్కపక్కన చూస్తే నాకు దాని స్కూలు బ్యాగు మోసిన రోజులు గుర్తొచ్చాయి. పెళ్లికి మేమిద్దరం రాలేకపోతున్నాం పిన్నీ. ఆ వారం మేం ఇక్కడే ఉండి తీరాల్సిన పని ఒకటి ముందే ఒప్పుకున్నాం, ఆ తేదీలు మార్చడం మా చేతుల్లో లేదు. లెక్కలో మా ఇద్దరినీ తీసెయ్యి, అమ్మా నాన్నా వస్తున్నారు. మా పని తెమలగానే మేమిద్దరం వచ్చి చెల్లినీ బావనీ చూస్తాం. రేపు సాయంత్రం ఏడింటికి నీకు ఫోన్ చేస్తాను."

స్కూలు బ్యాగు నేను కల్పించింది. దాని బదులు మీకూ ఆ చెల్లెలికీ మధ్య నిజంగా జరిగినదొకటి పెట్టండి. ఒక్క వాక్యం చాలు, కానీ అది ఇంకెవరూ రాయలేనిదై ఉండాలి. నాకొచ్చిన మెసేజ్‌ల్లో "శుభాకాంక్షలు, కలకాలం చల్లగా ఉండాలి" అన్నవి ఏవీ గుర్తులేవు. మా అక్క కూతురు మాత్రం, చిన్నప్పుడు మా అమ్మాయి దాని గౌను కత్తిరించి బొమ్మకి కుట్టిన సంగతి రాసింది. అది రాలేదన్న బాధ అక్కడే సగం పోయింది.

రాలేమన్న మాట రెండు వాక్యాల తర్వాత వచ్చేసింది చూడండి. దాన్ని చివరిదాకా లాగకండి. సంతోషం, ప్రేమ, జ్ఞాపకాలు పది వరసలు రాసి అప్పుడు "కానీ" అంటే, ముందు రాసిందంతా ఆ "కానీ" కోసం వేసిన పూత అనిపిస్తుంది. మొత్తం ఇంతకంటే పొడవు వద్దు. పొడవయ్యేకొద్దీ ఏదో దాస్తున్నట్టుంటుంది. పైగా ఈ మెసేజ్ పిన్ని ఒక్కతే చదవదు. బాబాయికి చదివి వినిపిస్తుంది, ఇంకో పిన్నికి పంపిస్తుంది, ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు. హాల్లో మైకులో చదివినా మీకు ఇబ్బంది లేనిది మాత్రమే రాయండి. పంపాక మార్చుకోవచ్చులే అనుకోకండి. వాట్సాప్‌లో పదిహేను నిమిషాలలోపు దిద్దొచ్చు కానీ పక్కన Edited అని పడుతుంది. తీసేస్తే This message was deleted అని ఉండిపోతుంది. రాలేమన్న మెసేజ్ పక్కన ఆ రెండిట్లో ఏదున్నా దాని మీద ఒక రోజు చర్చ నడుస్తుంది. ముందు కాగితం మీదో నోట్స్‌లోనో రాసుకుని, చదువుకుని, అప్పుడు పంపండి. వాయిస్ మెసేజ్ అసలు వద్దు. మాట కంటే ముందు గొంతుని వింటారు, "వాడి గొంతు అదోలా ఉంది" అన్న దగ్గర మొదలవుతుంది.

మెసేజ్ ఎందుకు సరైనదన్నానో ఇప్పుడు చెబుతాను. పిన్నిలాంటి దగ్గరివాళ్లకి ముందు ఫోన్ చేయాలి, మెసేజ్ పెడితే తలపొగరు అనుకుంటారు అని చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేదాన్ని. కానీ దాచాల్సిన కారణం ఉన్నప్పుడు ముందు ఫోన్ చేస్తే జరిగేది వేరు. ఆవిడ "అదేం కుదరదు, ఏం పని అది?" అంటుంది, మీరు తడబడతారు, తడబాటులో అదనంగా ఒక ముక్క జారుతుంది. ముందు మెసేజ్ వెళ్తే ఆవిడ మొదటి కోపం మీరు లేనప్పుడే సగం పడుతుంది, రాతలో ఉన్న మాట మారదు కాబట్టి అందరికీ అదే చేరుతుంది. కాకపోతే మెసేజ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే మాత్రం తలపొగరే. అందుకే మర్నాడు ఏడింటికి ఫోన్ అన్న వాక్యం ఉంది. అది రాశాక ఏడింటికే చేయాలి, ఎనిమిదింటికి కాదు.

ఎప్పుడు పంపాలంటే, రేపు లేదా ఎల్లుండి. పిలుపు వచ్చి రెండు మూడు రోజులే అయింది కాబట్టి ఆలోచించి చెప్పినట్టుంటుంది, వెంటనే తోసేసినట్టుండదు. మనుషుల లెక్క ఇంకా ఖాయం చేసి ఉండరు, మీ రెండు చోట్లూ ఇంకెవరికైనా పనికొస్తాయి. చివరి పది రోజుల్లో పెళ్లివాళ్లు ఏ మెసేజ్‌నీ సరిగ్గా చదవరు, నేనే చదవలేదు. రాత్రిపూట వద్దు, రాత్రి చదివింది నిద్ర పట్టనివ్వదు. ఆవిడ కాస్త తీరిగ్గా, ఒంటరిగా ఉండే సమయం ఏదో మీ అమ్మని అడిగితే చెబుతుంది.

పిన్నికి తెలిసేదాకా ఇంకెవరికీ తెలియకూడదు. ఇది చాలా పట్టింపు. మీరు రావడం లేదన్న సంగతి ఆవిడకి మూడోవాళ్ల ద్వారా తెలిస్తే, తర్వాత ఎంత చక్కటి మెసేజ్ పెట్టినా ప్రయోజనం లేదు. కుటుంబం గ్రూపులో శుభలేఖ పడితే అక్కడ అభినందనలు మాత్రం రాయండి, వస్తామని గానీ రామని గానీ అక్కడ అనకండి. తర్వాత ఎవరైనా గ్రూపులో "ఎవరెవరు బయల్దేరుతున్నారు?" అని అడిగి మీ పేరు పెడితే, "పిన్నితో మాట్లాడాను" అని రాయండి, అంతే. ఆ మాట తర్వాత అడగాల్సింది పిన్నిని అవుతుంది. పిన్ని దగ్గర మాట సిద్ధంగా ఉంది.

మెసేజ్ చూసి పిన్ని జవాబివ్వకపోవచ్చు. రెండు నీలం టిక్కులు పడి, గంటలు గడుస్తాయి. అప్పుడు మనసాగక ఇంకో మెసేజ్ పెట్టి ఇంకో కారణం చేర్చడం, "కోపం వచ్చిందా?" అని అడగడం చేస్తారు. చేయకండి. ఫోన్ ఎలాగూ చేస్తానన్నారు కదా.

ఫోన్లో ముందు పెళ్లి గురించే అడగండి. అబ్బాయి ఏం చేస్తాడు, వాళ్లవాళ్లు ఎలాంటివాళ్లు, చెల్లి ఎలా ఉంది, పనులు ఎందాకా వచ్చాయి. ఆవిడే అసలు విషయానికి వస్తుంది. "ఏం పనిరా అది, మేమంటే లెక్కలేదా?" అంటే, "నిన్ను కాదని పెట్టుకున్నది కాదు పిన్నీ, ముందే ఒప్పుకున్నది, మధ్యలో వదలలేం" అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట అనండి, వేరే మాటల్లో వద్దు. మూడోసారి అడిగేవాళ్లు తక్కువ. నిజంగానే అడిగితే "కంగారు పడాల్సిందేం లేదు, చెప్పే రోజు వస్తే నీకే ముందు చెబుతాను" అనొచ్చు. ఈ మాటని మాత్రం చివరి అస్త్రంలా ఉంచుకోండి. ఏదో ఉందని ఇది ఒప్పుకుంటుంది. చెప్పాల్సి వస్తే మాత్రం తర్వాత ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఆవిడ తిడితే తిట్టనివ్వండి. మొహం మీద తిట్టిన మనిషి వెనక మాట్లాడటం నేను చాలా తక్కువ చూశాను, తిట్టాక వాళ్లే వెనకేసుకొస్తారు. భయపడాల్సింది చప్పగా "సరేలే, మీ ఇష్టం" అన్నప్పుడు. అది ఒప్పుకోవడం కాదు, మూసేసుకోవడం. అలా అంటే రెండు మూడు రోజులాగి, రాలేకపోవడం ఊసెత్తకుండా, ఏదైనా పని పంచుకోవడానికి ఫోన్ చేయండి. రాలేని మనిషి దూరం నుంచి చేయగలిగినవి ఉంటాయి. పిలుపుల జాబితా టైపు చేసిపెట్టడం, ఎవరు ఏ బండికి వస్తున్నారో లెక్క చూడటం, ఆన్‌లైన్‌లో ఏదైనా బుక్ చేసిపెట్టడం. మా అబ్బాయి పెళ్లికి రాలేకపోయిన మా మరిది కొడుకు, వచ్చేవాళ్ల రైళ్లు, వేళలు, ఫోన్ నంబర్లు అన్నీ ఒక పట్టిక చేసి పంపాడు. పెళ్లిలో ఆ కాగితం మా వారి జేబులోనే ఉంది. "అతను రాలేదేం?" అని అడిగినవాళ్లకి ఆయన ఆ కాగితం తీసి చూపించారు.

ఇక మీరు ఊహించని ప్రశ్న ఒకటి వస్తుంది. "పోనీ, నువ్వొక్కడివైనా ఒక్కపూట రా." మీకూ అది మంచి మధ్యేమార్గంలా కనిపిస్తుంది. మీ విషయంలో అది ఇద్దరూ మానేయడం కంటే చెడ్డది. ఇద్దరూ రాకపోతే పని పడిందనుకుంటారు. ఒక్కరే వస్తే "ఆ అమ్మాయేది?" అన్న ప్రశ్నకి రోజంతా మీరే నిలబడి జవాబు చెప్పాలి, చెప్పే కొద్దీ చూపులు మారతాయి. మీ భార్యకి ఆ వారం పక్కన మనిషి కావాలన్న సంగతి సరేసరి.

భార్య మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. మొగుడి తరఫు పెళ్లికి రాకపోతే నింద ముందు కోడలి మీదకే పోతుంది. "ఆ అమ్మాయి రానివ్వలేదట" అన్నది ఎవరూ ఆలోచించకుండా అనే మాట. అందుకే మెసేజ్ మీ ఫోన్ నుంచే వెళ్లాలి, అందులో "మేమిద్దరం" అనే ఉండాలి. "తనకి కుదరడం లేదు" అన్న మాట ఎక్కడా దొర్లకూడదు. పంపేముందు ఆమెకి చూపించండి, ఒక్క పదం నచ్చకపోయినా మార్చండి, ఇందులో దాచేది ఆమె సంగతి. మీ మెసేజ్ వెళ్లిన మర్నాడు ఆమె పెళ్లికూతురికి విడిగా నాలుగు మాటలు రాస్తే మంచిది, రాలేకపోవడం గురించి కాదు, పెళ్లి గురించి. ఆ చెల్లెలు అందరితో "వదిన మెసేజ్ పెట్టింది" అంటుంది. రానివ్వలేదన్న కథ అక్కడ నిలవదు.

మీ అమ్మగారు పెళ్లికి వెళ్తున్నారు, ఆవిడకి నిజం తెలుసు. అన్ని దారుల్లోకీ కారే అవకాశం ఉన్నది అక్కడే. ఆవిడ చెప్పాలని చెప్పరు. ఎవరో "నీ కోడలు పొగరుబోతు" అన్నట్టు మాట్లాడితే కోడల్ని కాపాడటానికి "పాపం దానికి..." అని మొదలుపెడతారు. ఆ "పాపం" చాలు. కాబట్టి ఆవిడతో ముందే కూర్చోండి. మెసేజ్‌లో రాసిన మాటే ఆవిడా చెప్పాలి: "ఇద్దరూ ముందే ఒప్పుకున్న పని, తేదీ మారలేదు." చెప్పిన వెంటనే మాట మళ్లించాలి, "మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగితే చాలు, ఎవరికైనా వాళ్ల పిల్లల కబుర్లే ఇష్టం. నాన్నగారికి నిజం తెలియకపోతే ఆయనకీ ఇదే మాట ఇవ్వండి. ఒకరు ఆఫీసు అని, ఒకరు పని అని, ఒకరు ఒంట్లో బాగోలేదని అంటే, మూడూ ఒక బల్ల దగ్గర కలుస్తాయి. కథ అల్లడానికి అంతకంటే దారం అక్కర్లేదు.

కానుక ఇవ్వదలిస్తే పెళ్లికి ముందే అమ్మ చేత పంపండి, పెళ్లయ్యాక కాదు. పెళ్లి రోజు పొద్దున్నే చెల్లికి చిన్న మెసేజ్ పెట్టండి, ఫోటోలు వస్తుంటే పేరు పేరునా ఏదో ఒకటి రాయండి. వీడియో కాల్ చేసి చూపించమని మాత్రం అడగకండి, ఎవరో ఒకరు పెళ్లి చూడటం మానేసి మీ కోసం ఫోన్ పట్టుకుని నిలబడాలి. ఆ వారం స్టేటస్ కూడా జాగ్రత్త. బయట భోజనం చేసిన ఫోటోనో, స్నేహితుడి ఇంట్లో దిగిన ఫోటోనో పెడితే "ఇదా ఉండి తీరాల్సిన పని?" అంటారు. My contacts except... పెట్టి చుట్టాలకి కనపడకుండా చేద్దామనుకోవద్దు, చుట్టాలు కానివాళ్లు చుట్టాలకి చూపిస్తారు. ఆ వారం ఏమీ పెట్టకపోతే సరిపోతుంది. మీ స్నేహితులు పెట్టే ఫోటోల్లో కూడా మీరు లేకుండా చూసుకోండి.

మెసేజ్‌లో "మా పని తెమలగానే వస్తాం" అని రాశాను, "నెలలోపు" అని రాయలేదు. మీ వైద్యం ఒక విడతతో అయిపోతుందో ఇంకా సాగుతుందో ఇప్పుడే తెలియదు. తేదీ చెప్పి తప్పితే రెండోసారి రానట్టే లెక్క. నాకు వచ్చే నెల వస్తామని రాసి రెండేళ్లకి వచ్చినవాళ్లు ఉన్నారు. పెళ్లికి రాలేదని వాళ్ల మీద నాకేం లేదు, ఆ వచ్చే నెల మాత్రం గుర్తుంది. వెళ్లగలిగిన మొదటి అవకాశం రాగానే వెళ్లండి, కొత్త జంట అప్పటికి పిన్ని ఇంట్లో లేకపోయినా ముందు పిన్ని దగ్గరికే వెళ్లండి.

ఇదంతా పనిచేయని సందర్భం ఒకటుంది. మీ పిన్ని మీకు రెండో తల్లిలాంటిదైతే, చిన్నప్పుడు మిమ్మల్ని పెంచిందైతే, "ఒప్పుకున్న పని" అన్న మాట ఆవిడని నొప్పిస్తుంది. బయటివాళ్లకి ఇచ్చే మాట నాకిచ్చారా అనుకుంటుంది. అలాంటి పిన్ని అయితే, మీ భార్య సరేనంటేనే, మెసేజ్‌కి ముందు ఎదురుగా కూర్చుని నిజం చెప్పండి. అప్పుడు మెసేజ్ అదే ఉంటుంది, మిగతావాళ్లకి చూపించడానికి ఆవిడకే పనికొస్తుంది. మీ భార్య వద్దంటే మాత్రం పిన్ని ఎంత దగ్గరైనా చెప్పకండి. రేపు అంతా సవ్యంగా జరిగి మీరు శుభవార్త చెప్పిన రోజున పిన్ని నెలలు వెనక్కి లెక్కపెట్టుకుని "ఓహో, అదా ఆ పని" అనుకుంటుంది. మీరు చెప్పింది అబద్ధం కాదు కాబట్టి ఆ రోజు మీరు తల దించుకోనక్కర్లేదు.

పంపేముందు ఒక్క పని చేయండి. మెసేజ్‌ని మీ అమ్మగారికి పైకి చదివి వినిపించండి, తర్వాత ఫోన్ పక్కన పెట్టి "మీ అబ్బాయి రాలేదేం వదినా?" అని ఎవరో అడిగినట్టు మీరే అడగండి. ఆవిడ తడుముకోకుండా చెబితే పంపేయండి. ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో ఆ వాక్యం ఇంకా కుదరలేదు, దాన్ని ఆవిడ నోట్లో పలికే మాటల్లో మళ్లీ రాయండి.